హెచ్-1బీ ఉద్యోగి రాజీనామా: చివరి పనిదినాన్ని ఎక్కడి నుంచి లెక్కించాలి?

క్లుప్తంగా: అమెరికాలో హెచ్-1బీ వీసాపై పనిచేసే ఉద్యోగి రాజీనామా చేస్తే, లేఖ ఇచ్చిన తేదీకి ఇమిగ్రేషన్ లెక్కల్లో పెద్దగా ప్రాధాన్యం ఉండదు. జీతం లెక్కలో ఉన్న ఆఖరి రోజే కీలకం. ఆ మర్నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజుల గడువు నడుస్తుంది. దేశంలో ఎప్పటి వరకు ఉండవచ్చో తెలిపే ఐ-94 పత్రం గడువు అంతకంటే ముందే ముగిస్తే ఈ గడువూ అక్కడే ఆగిపోతుంది. కొత్త సంస్థ ఉద్యోగి కోసం దాఖలు చేసిన హెచ్-1బీ పిటిషన్‌కు రసీదు చేతికి వచ్చాక రాజీనామా ఇచ్చిన వారికి ఈ 60 రోజులతో పని పడకపోవచ్చు. ముందే రాజీనామా ఇచ్చి తర్వాత పిటిషన్ వేయించుకునే వారు మాత్రం ప్రతి రోజునూ లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. గ్రీన్‌కార్డు కోసం సంస్థ వేసే ఐ-140 పిటిషన్‌కు ఆమోదం పొందినవారు వీటికి తోడు 180 రోజుల లెక్కనూ చూసుకోవాలి.

## గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

సాధారణ ఉద్యోగి రాజీనామా లేఖలో రాసే చివరి తేదీ అతనికీ సంస్థకూ మధ్య కుదిరే ఏర్పాటు మాత్రమే. రెండు రోజులు అటూ ఇటూ అయినా పెద్ద నష్టం ఉండదు. హెచ్-1బీ ఉద్యోగి విషయంలో అదే తేదీ మూడో పక్షానికి, అంటే ప్రభుత్వానికి కూడా సమాధానం చెప్పాల్సిన తేదీ అవుతుంది. దేశంలో ఉండే హక్కు ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది కాబట్టి, ఉద్యోగం ఏ రోజున ముగిసిందన్న ప్రశ్నకు ఒకే ఒక్క స్పష్టమైన జవాబు ఉండాలి.

ఆచరణలో ఆ జవాబు అంత స్పష్టంగా ఉండదు. లేఖ ఇచ్చిన రోజు, ఆఫీసులో చివరిసారి పనిచేసిన రోజు, వాడుకోని సెలవులకు డబ్బు చెల్లించిన రోజు, చివరి పే స్టబ్ వచ్చిన రోజు, పాత సంస్థ పిటిషన్‌ను ఉపసంహరించుకుంటూ ప్రభుత్వానికి రాసిన రోజు అని ఐదు వేర్వేరు తేదీలు కనిపిస్తాయి. వాటిలో ఏది అసలైనదన్న అనుమానంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. పాత పిటిషన్‌ను సంస్థ ఉపసంహరించుకునేంత వరకు దేశంలో చట్టబద్ధంగా ఉండే తమ హోదా, అంటే స్టేటస్ చెక్కుచెదరదని అనుకోవడం అన్నిటికంటే తరచుగా కనిపించే పొరపాటు. ఉపసంహరణ లేఖ ఆలస్యమైనా, అసలు వెళ్లకపోయినా గడువు లెక్క మారదు.

## 60 రోజుల గడియారం

ఈ గడువు 2017 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన వల్ల ఏర్పడింది. అంతకుముందు ఉద్యోగం పోయిన మరుక్షణమే స్టేటస్ పోయినట్టు లెక్క. ఆ తర్వాత ఎంత ఉదారంగా చూస్తారన్నది అధికారి విచక్షణకు వదిలేసేవారు. ప్రస్తుత నిబంధన ప్రకారం హెచ్-1బీతో పాటు ఎల్-1, ఓ-1, టీఎన్ వంటి మరికొన్ని వర్గాల ఉద్యోగులు ఉద్యోగం ముగిశాక వరుసగా 60 రోజుల వరకు స్టేటస్ కోల్పోకుండా దేశంలో ఉండవచ్చు. రాజీనామా చేసినా, సంస్థ తీసేసినా ఈ విషయంలో తేడా లేదు. ఆ రోజుల్లో ఉద్యోగం చేయడానికి మాత్రం అనుమతి ఉండదు. హెచ్-4పై ఉన్న జీవిత భాగస్వామికి, పిల్లలకు కూడా ఇదే గడువు వర్తిస్తుంది.

ఇందులో నాలుగు పరిమితులు ఇమిడి ఉన్నాయి. వాటిని పట్టించుకోకపోతే 60 అన్న అంకె తప్పుదారి పట్టిస్తుంది. ఒకటి, ఐ-94 గడువు ముందే ముగిస్తే ఈ గడువూ అంతటితో సరి. రెండు, 60 రోజులూ వరుసగా లెక్కకు వస్తాయి. శని, ఆదివారాలు, పండుగ సెలవులు అన్నీ అందులోవే. మూడు, ఒక ఆమోదిత కాలానికి ఈ వెసులుబాటు ఒక్కసారే దక్కుతుంది. సగం వాడుకుని మిగిలిన సగాన్ని తర్వాతి అవసరానికి దాచుకోవడం కుదరదు. నాలుగు, ఈ గడువును కుదించే లేదా నిరాకరించే విచక్షణాధికారం ప్రభుత్వం చేతిలోనే ఉంది. అందుకే దీన్ని హక్కుగా భావించి ప్రణాళిక వేసుకోవడం కంటే, అనుకోనిది జరిగితే ఆదుకునే ఆసరాగా చూడటం మేలు.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది? ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి అన్నది అమెరికా ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసే యూఎస్‌సీఐఎస్ మాట. ఉద్యోగం ముగిసిన రోజును సాధారణంగా జీతం లేదా వేతనం చెల్లించిన ఆఖరి రోజును బట్టి నిర్ణయిస్తారు. ఇక్కడ 'చెల్లించిన' అంటే డబ్బు బ్యాంకులో పడిన రోజని అర్థం చేసుకోకూడదు. ఏ రోజు వరకు చేసిన పనికి జీతం ఇచ్చారో ఆ రోజు అది. ఏప్రిల్ 14 వరకు పనిచేసినవారికి జీతం ఏప్రిల్ 30న జమ అయినా ఉద్యోగం ముగిసిన రోజు 14వ తేదీయే. వాడుకోని సెలవులకు ఒకేసారి ఇచ్చే సొమ్ముగానీ, సెవరెన్స్ పేరుతో ఇచ్చే మొత్తంగానీ ఈ తేదీని తర్వాతి రోజులకు జరుపుతాయని నమ్ముకోవడం ప్రమాదకరం. పని అప్పగించకుండా ఇంట్లో ఉండమని చెప్పి నోటీసు కాలమంతా జీతమిచ్చే సందర్భంలో వాదనకు కొంత తావుంది. అయినా జాగ్రత్తపరులు తాము నిజంగా పనిచేసిన ఆఖరి రోజు నుంచే లెక్కించుకుని, మిగిలిన రోజులు కలిసొస్తే కలిసొస్తాయని భావిస్తారు.

## పోర్టబిలిటీ

60 రోజుల మీద ఆధారపడే అవసరాన్ని తప్పించేది పోర్టబిలిటీ. 2000 సంవత్సరంలో వచ్చిన ఏసీ21 చట్టం ఈ వీలు కల్పించింది. అప్పటికే హెచ్-1బీలో ఉన్న వ్యక్తి కోసం కొత్త సంస్థ ఐ-129 పిటిషన్ దాఖలు చేస్తే, దాని ఆమోదం కోసం ఆగకుండానే కొత్త ఉద్యోగంలో చేరవచ్చు. ఆ వ్యక్తి చట్టబద్ధంగా దేశంలోకి వచ్చి ఉండాలి, ఇక్కడ ఉండే గడువు ముగియకముందే పిటిషన్ దాఖలై ఉండాలి, మధ్యలో అనుమతి లేకుండా పనిచేసి ఉండకూడదు.

పిటిషన్ దాఖలు అన్నది ఒక్క రోజు పని కాదు. ముందుగా కొత్త సంస్థ కార్మిక శాఖ నుంచి జీతం, పని షరతులకు సంబంధించిన ఎల్‌సీఏ ధ్రువీకరణ తెచ్చుకోవాలి. దానికి 7 పనిదినాలు పడుతుంది. ఉద్యోగి చదువు పత్రాలు, పాత ఐ-797 ఆమోద పత్రాలు, ఇటీవలి పే స్టబ్‌లు సేకరించడానికి ముందో వెనకో మరికొన్ని రోజులు పోతాయి. ఆపై పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కు చేరుతుంది. అది చేరిన తేదీతో ఐ-797సీ రసీదు వస్తుంది. చట్టప్రకారం చూస్తే పిటిషన్ చేరిన రోజే దాఖలైనట్టు. అయినా రసీదు చేతికి వచ్చేదాకా ఆగమని న్యాయవాదులు చెప్పడానికి కారణం ఉంది. రుసుము తప్పుగా కట్టినా, సంతకం లేకపోయినా యూఎస్‌సీఐఎస్ ఆ పిటిషన్‌ను తిప్పి పంపుతుంది. అలా తిరిగొచ్చినది దాఖలైనట్టే లెక్కకు రాదు. 'పిటిషన్ పంపేశాం' అని కొత్త సంస్థ హెచ్‌ఆర్ చెప్పిన మాట మీద రాజీనామా చేసినవారికి, పది రోజుల తర్వాత ప్యాకెట్ తిరిగొచ్చిందని తెలిస్తే ఆ పది రోజులూ వృథా అయినట్టే. పిటిషన్ దాఖలైందనడానికి కొరియర్ ట్రాకింగ్ నంబరు చాలదు, రసీదు నంబరు కావాలి.

ఇంకా జాగ్రత్తగా ఉండాలనుకునేవారు ప్రీమియం ప్రాసెసింగ్‌తో ఆమోదం వచ్చేదాకా ఆగుతారు. అదనపు రుసుముతో 15 పనిదినాల్లో యూఎస్‌సీఐఎస్ ఏదో ఒక స్పందన ఇవ్వాలి. ఆ స్పందన ఆమోదమే కానక్కర్లేదు. మరిన్ని ఆధారాలు కోరుతూ ఆర్‌ఎఫ్‌ఈ రావచ్చు. అయినా ఈ ఎదురుచూపుకు విలువ ఉంది. రసీదు మీద చేరిన తర్వాత పిటిషన్ తిరస్కరణకు గురైతే కొత్త చోట పనిచేసే అనుమతి అక్కడితో ఆగిపోతుంది. అప్పటికి పాత సంస్థ తన పిటిషన్‌ను ఉపసంహరించుకుని ఉంటే వెనక్కి వెళ్లే దారీ ఉండదు. సొంత కార్యాలయంలో, స్పష్టమైన అర్హతలున్న పోస్టులో చేరేవారికి రసీదు మీద కదలడం పెద్ద సాహసం కాదు. క్లయింట్ దగ్గర పనిచేయించే కన్సల్టెన్సీకి మారుతున్నప్పుడు, లేదా డిగ్రీకి ఉద్యోగానికి పొంతన కుదరదేమోనన్న అనుమానం ఉన్నప్పుడు ఆమోదం దాకా ఆగడమే సరైన నిర్ణయం.

## ఒకే ఉద్యోగి, రెండు క్యాలెండర్లు

ఒక ఉదాహరణ తీసుకుంటే లెక్క స్పష్టమవుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి 2026 మార్చి 2, సోమవారం కొత్త ఆఫర్ వచ్చిందనుకుందాం. కొత్త సంస్థ మార్చి 6న ఎల్‌సీఏకు దరఖాస్తు చేస్తే, 7 పనిదినాల తర్వాత మార్చి 17కి అది చేతికి వస్తుంది. మార్చి 23న పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కు చేరుతుంది. రసీదు మార్చి 30న వస్తుంది. ఉద్యోగి మార్చి 31, మంగళవారం లేఖ ఇచ్చి, రెండు వారాల నోటీసుతో ఏప్రిల్ 14ను చివరి పనిదినంగా రాస్తే, ఏప్రిల్ 15న కొత్త చోట చేరవచ్చు. ఆఫర్ వచ్చినప్పటి నుంచి ఆరు వారాలకు పైగా గడిచినా, 60 రోజుల్లో ఒక్కటి కూడా ఖర్చు కాలేదు.

అదే ఉద్యోగి ఆఫర్ వచ్చిన రోజే, మార్చి 2నే, మార్చి 16ను చివరి రోజుగా చూపుతూ లేఖ ఇచ్చాడనుకుందాం. గడియారం మార్చి 17న మొదలవుతుంది. మార్చిలో 15 రోజులు, ఏప్రిల్‌లో 30, మేలో 15 కలిపి మే 15తో 60 రోజులు పూర్తవుతాయి. పై లెక్క ప్రకారం పిటిషన్ మార్చి 23కే చేరుతుంది కాబట్టి ఇదీ గడువులోపే ఉంది. అయితే ఆరేడు రోజులు జీతం లేకుండా పోతాయి. పిటిషన్‌లో జతచేసే పే స్టబ్‌లు మార్చి 16 దగ్గర ఆగిపోతాయి కాబట్టి ఆ ఖాళీకి వివరణ రాయాలి. ఇంతవరకు నష్టం చిన్నదే. ఆఫర్ ఇచ్చిన సంస్థ బడ్జెట్ పేరుతో నెల రోజులు ఆలస్యం చేసినా, ఆఫర్‌నే వెనక్కి తీసుకున్నా పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ఐ-94 ఏప్రిల్ 30కే ముగిసేదైతే, మే 15 దాకా ఉందనుకున్న గడువు 45 రోజుల దగ్గరే తెగిపోతుంది.

ఈ రెండో క్యాలెండర్‌లో మరో లోపం కూడా దాగి ఉంది. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఉద్యోగం 'ఎట్ విల్' పద్ధతిలోనే ఉంటుంది. రెండు వారాల నోటీసు మర్యాద, సంప్రదాయం. ఒప్పందంలో రాసుకుంటే తప్ప అది చట్టం కాదు. లేఖ అందిన రోజే 'రాజీనామాను ఆమోదించాం, ఈ రోజే మీ చివరి రోజు' అని సంస్థ చెప్పవచ్చు. అలా చెప్పే సంస్థలు అరుదేమీ కాదు. అప్పుడు గడియారం మార్చి 3నే మొదలై మే 1తో ముగుస్తుంది. లేఖలో రాసిన తేదీని నమ్ముకుని మే 15 దాకా సమయముందని అనుకున్న ఉద్యోగి రెండు వారాలు పోగొట్టుకుంటాడు, ఆ సంగతి అతనికి తెలియకపోవచ్చు కూడా. కాబట్టి లేఖ ఇచ్చే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: 'ఈ రోజే నన్ను పంపించేస్తే నా పరిస్థితి ఏమిటి?' దానికి నిశ్చింతగా జవాబు చెప్పగలిగిన రోజే లేఖ ఇవ్వడానికి తగిన రోజు.

మొదటి క్యాలెండర్‌లో కూడా ఈ ప్రశ్నకు జవాబు ఒక చిన్న వివరం మీద ఆధారపడుతుంది. పోర్టబిలిటీ కింద పనిచేయడానికి వీలయ్యేది పిటిషన్ దాఖలైన రోజు నుంచి, లేదా పిటిషన్‌లో కోరిన ప్రారంభ తేదీ నుంచి. రెండింటిలో ఏది తర్వాత వస్తే అది. కొత్త సంస్థ పిటిషన్‌లో ప్రారంభ తేదీని ఏప్రిల్ 15 అని రాసి ఉంటే, పాత సంస్థ మార్చి 31నే పంపించేసినా ఉద్యోగి ఏప్రిల్ 15 దాకా చేరలేడు. ఆ 14 రోజులూ 60 రోజుల గడువులోంచి, జీతం లేకుండా పోతాయి. ప్రారంభ తేదీని మార్చి 23 అనే రాసి ఉంటే ఏప్రిల్ 1నే చేరిపోవచ్చు. పిటిషన్‌లో ముందు తేదీ రాసినంత మాత్రాన ఆ రోజే చేరాలన్న నిర్బంధం లేదు. ఆ లోపు పాత సంస్థలో, దాని పిటిషన్ కిందే పని కొనసాగించవచ్చు. కొత్త సంస్థ న్యాయవాదిని ఈ ఒక్క గడి గురించి అడిగి తెలుసుకోవడం చాలా మంది మరచిపోయే పని.

## లేఖలో ఏం రాయాలి, ఏం వదిలేయాలి

రాజీనామా లేఖ ఎంత చిన్నదైతే అంత మంచిది. అందులో తప్పక ఉండాల్సినవి రోజు, నెల, సంవత్సరంతో రాసిన చివరి పనిదినం, ఆ రోజు వరకు సాధారణ విధుల్లో, జీతంలో కొనసాగుతానన్న వాక్యం, ఆ తేదీని ధ్రువీకరించమన్న అభ్యర్థన. పై ఉదాహరణలోని ఉద్యోగి లేఖ తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

> 2026 మార్చి 31
>
> గౌరవనీయులైన మేనేజర్ గారికి,
>
> సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ పదవికి నా రాజీనామాను ఈ లేఖ ద్వారా తెలియజేస్తున్నాను. నా చివరి పనిదినం 2026 ఏప్రిల్ 14, మంగళవారం. ఆ రోజు ముగిసే వరకు నా సాధారణ విధుల్లో, సంస్థ పేరోల్‌లో కొనసాగుతాను. నా చేతిలో ఉన్న పనులను ఈ రెండు వారాల్లో తగిన వారికి అప్పగిస్తాను.
>
> ఈ చివరి తేదీని ధ్రువీకరిస్తూ, లేదా ఇందులో మార్పు ఉంటే ఆ మార్పును తెలియజేస్తూ ఈమెయిల్ పంపవలసిందిగా కోరుతున్నాను.
>
> ఇన్నేళ్లుగా ఇచ్చిన అవకాశానికి కృతజ్ఞతలు.

'సుమారు రెండు వారాల్లో', 'తక్షణమే అమల్లోకి వచ్చేలా', 'నా వీసా బదిలీ పూర్తయ్యాక' వంటి మాటలు ఇందులో లేవు. మొదటిది తేదీని అనిశ్చితంగా వదిలేస్తుంది. రెండోది అదే రోజు గడియారాన్ని తిప్పేస్తుంది. మూడోది సంస్థకు సంబంధం లేని విషయాన్ని లేఖలోకి తెచ్చి, షరతుతో కూడిన రాజీనామాగా కనిపించేలా చేస్తుంది. కొత్త సంస్థ పేరు, వీసా పరిస్థితి, అసంతృప్తి వంటివి ఈ కాగితం మీద ఉండాల్సిన అవసరం లేదు.

ధ్రువీకరణ ఈమెయిల్ కోరడం లాంఛనం కాదు. చివరి రోజు ఎప్పుడన్న దానిపై తర్వాత ఆర్‌ఎఫ్‌ఈ వస్తే, ఉద్యోగి రాసిన లేఖ కంటే సంస్థ ఇచ్చిన జవాబే బలమైన ఆధారం. అందుకే ఆ జవాబును సొంత ఈమెయిల్‌కు కూడా పంపమని కోరాలి. ఎందుకంటే లేఖ ఇచ్చిన గంటలోనే ఆఫీసు లాగిన్ ఆగిపోయిన సందర్భాలుంటాయి. ఐ-797 ప్రతులు, పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు, వీలైతే అనుభవ ధ్రువపత్రం లేఖకు ముందే దగ్గర పెట్టుకోవడం కూడా ఇందుకే. సంస్థకు చెందిన పని పత్రాలను మాత్రం బయటికి తీసుకెళ్లకూడదు.

## ఐ-140 ఉన్నవారికి మరో గడియారం

గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఉన్నవారికి చివరి పనిదినం మీద రెండో లెక్క పడుతుంది. ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటితే, ఆ తర్వాత పాత సంస్థ దాన్ని ఉపసంహరించుకున్నా ఆమోదం రద్దు కాదు. 180 రోజుల లోపు ఉపసంహరించుకుంటే మాత్రం ఆమోదం దానంతటదే రద్దవుతుంది. గ్రీన్‌కార్డు క్యూలో స్థానాన్ని నిర్ణయించే ప్రయారిటీ తేదీ రెండు సందర్భాల్లోనూ సాధారణంగా నిలుస్తుంది. ఆమోదం మోసం వల్ల లేదా పొరపాటున వచ్చిందని తేలితే తప్ప ఆ క్యూలోని స్థానం పోదు. రద్దు వల్ల పోయేది ఆరేళ్ల పరిమితి దాటాక హెచ్-1బీని పొడిగించుకునే ఆధారం. హెచ్-4 ఈఏడీ అనే పని అనుమతి పత్రం మీద ఉద్యోగం చేస్తున్న జీవిత భాగస్వామి అనుమతికి కూడా సాధారణంగా ఆ ఆమోదమే ఆధారం.

పై ఉదాహరణలోని ఉద్యోగికి ఐ-140 ఆమోదం 2025 అక్టోబరు 20న వచ్చిందనుకుంటే, 180వ రోజు 2026 ఏప్రిల్ 18, శనివారం. ఏప్రిల్ 14 చివరి రోజుగా రాసిన లేఖ ఇప్పుడు నాలుగు రోజులు ముందున్నట్టు అవుతుంది. అంతకంటే ముఖ్యంగా, మార్చి 31నే విషయం తెలిసిన సంస్థకు ఉపసంహరణ లేఖ పంపడానికి 18 రోజుల సమయం దొరుకుతుంది. ఇక్కడ చివరి పనిదినాన్ని మాత్రమే జరిపితే సరిపోదు, లేఖ ఇచ్చే తేదీనే జరపాలి. ఏప్రిల్ 20, సోమవారం లేఖ ఇచ్చి, మే 1, శుక్రవారాన్ని చివరి రోజుగా చూపి, మే 4న కొత్త చోట చేరడం ఈ ఉద్యోగికి సరైన క్యాలెండర్. పిటిషన్ మార్చి 23నే దాఖలై ఉంది కాబట్టి ఈ ఆలస్యం వల్ల దానికి వచ్చే నష్టం లేదు. కొత్త సంస్థను మూడు వారాలు ఆగమని ఒప్పించడమొక్కటే పని. ఏడాదిలోపు ఆరేళ్లు పూర్తవుతున్నవారికి ఈ మూడు వారాలు చాలా విలువైనవి. ఆరేళ్లలో ఇంకా నాలుగేళ్లు మిగిలి, ఇంట్లో హెచ్-4 ఈఏడీ ప్రసక్తి లేనివారికి అంత తొందరపాటుగానీ, అంత భయంగానీ అవసరం లేదు. కొత్త సంస్థ ఎలాగూ గ్రీన్‌కార్డుకు తొలి మెట్టైన పెర్మ్‌ను, ఐ-140ను మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

## గడువు దాటితే ఇప్పుడు ఎందుకు ఎక్కువ నష్టం

గతంలో 60 రోజులు దాటాక పిటిషన్ వేసినా ఒక దారి ఉండేది. పిటిషన్ ఆమోదం పొందినా దేశంలో ఉంటూ స్టేటస్ పొడిగించుకునే అభ్యర్థనను నిరాకరించేవారు. ఉద్యోగి బయటికి వెళ్లి మళ్లీ ప్రవేశించేవాడు. ప్రయాణం ఖర్చు, వీసా అపాయింట్‌మెంట్ ఆలస్యం ఉన్నా, పని జరిగేది.

2025 సెప్టెంబరు 19న వెలువడిన అధ్యక్ష ప్రకటన ఈ దారి ఖరీదును మార్చేసింది. సెప్టెంబరు 21 నుంచి 12 నెలల కాలానికి అంటూ, కొన్ని కొత్త హెచ్-1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల చెల్లింపును అది విధించింది. దేశంలోనే ఉండి స్టేటస్ పొడిగింపు లేదా మార్పు కోరేవారికి ఇది వర్తించదని అక్టోబరు 20న యూఎస్‌సీఐఎస్ వివరించింది. అయితే అదే వివరణలో, పొడిగింపు కోరిన వ్యక్తి చెల్లుబాటయ్యే స్టేటస్‌లో లేడని తేలి ఆ అభ్యర్థనకు అనర్హుడైతే చెల్లింపు వర్తిస్తుందని కూడా ఉంది. అంటే పై రెండో క్యాలెండర్‌లో మే 15న చేరిన పిటిషన్‌కూ, మే 18న చేరిన పిటిషన్‌కూ మధ్య తేడా మూడు రోజులు మాత్రమే కాకపోవచ్చు. ఇంత మొత్తం కట్టి ఒక ఉద్యోగిని చేర్చుకునే సంస్థలు తక్కువ. ఈ చెల్లింపు అమల్లో ఉన్నంత కాలం చివరి రోజు లెక్కలో చేసిన పొరపాటు మొత్తం ఆఫర్‌నే మింగేయగలదు.

గడువు దగ్గరపడుతున్నా కొత్త పిటిషన్ సిద్ధం కాకపోతే, 60 రోజుల్లోపు ఐ-539 దరఖాస్తు ద్వారా సందర్శకులకిచ్చే బీ-2 వంటి మరో స్టేటస్‌కు మార్పు కోరే వీలుంది. ఆ దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా దేశంలో ఉండటం సాధారణంగా అనధికార నివాసంగా లెక్కకు రాదు. కానీ ఆ సమయంలో పనిచేయడం కుదరదు. పైగా, ఆ తర్వాత దాఖలయ్యే హెచ్-1బీ పిటిషన్ భవితవ్యం ఐ-539 ఫలితంతో ముడిపడుతుంది. సమయం కొనుక్కోవడానికి ఇది పనికొస్తుంది. ముందే రాజీనామా ఇవ్వడానికి సాకుగా మాత్రం ఇది పనికిరాదు.

## ఇతర దేశాల్లో గడియారం వేరు

ఈ లెక్కను మరో దేశానికి యథాతథంగా తీసుకెళ్లకూడదు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాపై ఉన్నవారు ఉద్యోగం మానేస్తే, స్పాన్సర్ ఆ సంగతిని 10 పనిదినాల్లో హోం ఆఫీసుకు తెలియజేయాలి. ఆ తర్వాత హోం ఆఫీసు లేఖ రాసి సాధారణంగా 60 రోజుల గడువు ఇస్తుంది. అంటే అంకె ఒకటే అయినా, అక్కడ గడియారాన్ని తిప్పేది చివరి పనిదినం కాదు, ఆ లేఖ. అయితే రసీదు మీద కొత్త ఉద్యోగంలో చేరే పోర్టబిలిటీ అక్కడ లేదు. కొత్త అనుమతి వచ్చేదాకా ఆగాల్సిందే. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి తన స్పాన్సర్డ్ వీసాలపై ఒక్కో విడతకు 180 రోజులు, వీసా కాలమంతటిలో మొత్తం 365 రోజులు ఇస్తోంది. ఆ సమయంలో వేరే పని చేసుకోవడానికి కూడా అనుమతిస్తోంది. ఈ పోలికలో చూస్తే అమెరికా విధానం గడువు విషయంలో కఠినం, సంస్థ మారే వేగం విషయంలో ఉదారం. అందుకే అక్కడ గడువు మీద కాక, పోర్టబిలిటీ మీద ఆధారపడి తేదీలు వేసుకోవాలి.

## బాండ్లు, బెదిరింపులు, ఆఖరి పే స్టబ్

చివరి తేదీ చుట్టూ మరో ఒత్తిడి డబ్బు రూపంలో వస్తుంది. అనుకున్న కాలానికి ముందే మానేస్తే ఇన్ని వేల డాలర్లు కట్టాలని కొన్ని కన్సల్టెన్సీలు ఒప్పందంలో రాయించుకుంటాయి. కార్మిక శాఖ నిబంధనల ప్రకారం, ముందుగా మానేసినందుకు శిక్షగా జరిమానా వసూలు చేయడం నిషిద్ధం. సంస్థకు జరిగిన నష్టానికి ముందే అంచనా వేసుకున్న సహేతుకమైన పరిహారం మాత్రం రాష్ట్ర చట్టాన్ని బట్టి చెల్లవచ్చు. ఏది జరిమానా, ఏది పరిహారం అన్న గీత ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, అలాంటి షరతు ఉన్నవారు లేఖకు ముందే ఉపాధి చట్టం తెలిసిన న్యాయవాదికి ఒప్పందాన్ని చూపించాలి. పిటిషన్ కోసం సంస్థ పెట్టిన న్యాయవాది ఖర్చును ఉద్యోగి నుంచి రాబట్టుకోవడం ఏ ఒప్పందంతోనూ కుదరదు. ఇలాంటి ఉల్లంఘనలపై డబ్ల్యూహెచ్-4 ఫారంతో 12 నెలల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. మరోవైపు, సంస్థ తనంతట తాను తొలగించినప్పుడు ఇవ్వాల్సిన స్వదేశ ప్రయాణ ఖర్చు, స్వచ్ఛందంగా రాజీనామా చేసినవారికి రాదు.

చివరి జీతం వచ్చాక పే స్టబ్‌లోని ఒక వివరాన్ని సరిచూసుకోవాలి. అందులో చెల్లింపు తేదీతో పాటు, జీతం ఏ కాలానికో తెలిపే ముగింపు తేదీ ఉంటుంది. ఆ ముగింపు తేదీ, పని గంటలు, సెలవుల సొమ్మును విడిగా చూపిన వరుస, ఇవన్నీ లేఖలోని తేదీతోనూ సంస్థ పంపిన ధ్రువీకరణతోనూ సరిపోవాలి. ఏప్రిల్ 14 దాకా పనిచేసిన వ్యక్తి పే స్టబ్‌లో గంటలు ఏప్రిల్ 10తో ఆగిపోయి ఉంటే, దాన్ని సవరించమని అప్పుడే పేరోల్ విభాగానికి రాయాలి. రెండేళ్ల తర్వాత వీసా స్టాంపింగ్ ఇంటర్వ్యూలో లేదా గ్రీన్‌కార్డు తుది దరఖాస్తు ఐ-485 దశలో ఆ నాలుగు రోజుల గురించి ఎవరైనా అడిగేసరికి, పాత సంస్థలో జవాబిచ్చే మనిషి మిగిలి ఉంటాడన్న భరోసా లేదు.